రావలసినవి: బెల్లం కొట్టు గుమాస్తా అనుభవ పాఠాలు

1. ఎవరు ఎంత బాకీయో ఖాతా పుస్తకం చెబుతుంది. ఎవర్ని ఎప్పుడు అడగాలో చెప్పదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ కొట్టు లెక్కలు రాసినన్నాళ్లూ అందుకే ‘రావలసినవి’ అని వేరే నోటుబుక్కు పెట్టుకున్నాను. పని ఎదుటివారి చేతిలో ఉంటేనే అందులోకి ఎక్కాలి. నేను చేయాల్సినవి కూడా కలిపితే రెండూ వెనకబడతాయి.

2. ఒక్కో పద్దుకి ఒక్క వరస చాలు: ఎవరు, ఏమివ్వాలి, ఎప్పుడు అడిగాం, ఆయన ఏ తేదీ చెప్పారు, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఆ చివరి తేదీని ఫోన్ పెట్టకముందే ఆయనకు చెప్పేయాలి. “అయితే 17న ఒకసారి ఫోన్ చేస్తానండి” అని ముందే అంటే, ఆ రోజు చేసిన ఫోన్ తగాదాలా ఉండదు. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర నాడు ఊళ్లోవాళ్లకి తేదీ పెట్టకూడదు. ఆ రోజు ఎవరూ లెక్కలు చూడరు.

3. ఈ పద్దు చూడండి. ఫిబ్రవరి 3న బరంపురం వర్తకుడికి బెల్లం దిమ్మలు లారీకెత్తాం. సరుకు అందిందని 5న చెప్పాడు, 15న సొమ్ము వేస్తానన్నాడు. బ్యాంకుకి రెండు రోజులు వదిలి 17 రాసుకున్నాను. 17న “సొమ్మేదీ?” అని అడగలేదు. “15న అన్నారు కదండీ, మావైపు నుంచి ఏమైనా రావాలా?” అన్నాను. అప్పుడు తెలిసింది: దారిలో బెల్లం చెమ్మగిల్లింది, తరుగు ఎంతో తేలలేదు, కాటా చీటీ లారీ డ్రైవరు దగ్గరే ఉండిపోయింది. అంటే మేం ఎదురుచూడాల్సింది వర్తకుడి కోసం కాదు. ఆ వరస కొట్టేయకుండా, దాని కింద ‘లారీ ఆఫీసు, కాటా చీటీ, 19’ అని రాశాను. చీటీ వచ్చాక తరుగు ఒప్పుకుని, సొమ్ముకి కొత్త తేదీ అడిగాను. రెండుసార్లు అడిగినా కదలని పద్దుకి ఇలాంటి ముడి ఎక్కడో ఉంటుంది. మూడోసారి గట్టిగా అడిగే ముందు దాన్ని వెతకాలి.

4. చెక్కు చేతికొచ్చిందని పద్దు కొట్టేయకండి. సొమ్ము ఖాతాలో పడ్డాకే కొట్టేయాలి. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు మీది తేదీ దాటి మూడు నెలలైతే బ్యాంకు తీసుకోదు. పైగా చెక్కు మన దగ్గరుంటే బ్యాంకులో వేయడం మన పనే, ఆ పని ఈ నోటుబుక్కులోది కాదు.

5. మన బెల్లం రైతు దగ్గరా ఇలాంటి జాబితా ఉంటుంది, కాగితం మీద కాకపోయినా. అందులో పేరు మనదే. బరంపురం సొమ్ము ఆగిందని తెలిసిన రోజే రైతుకి కబురు పెట్టాలి, ఎప్పుడిస్తామో తేదీతో సహా. ఆయన బస్సెక్కి కొట్టుకి వచ్చేదాకా ఆగకూడదు. అందుకే బయటి పద్దు ఆలస్యమైనప్పుడల్లా పక్కన ఆ రైతు పేరు కూడా రాసుకునేవాణ్ణి.