జట్టు ఎంపిక వేరు, కెప్టెన్ ఎంపిక వేరు

ఇంటర్ లెక్కల్లో ప్రస్తారాలు, సంయోగాలు మొదలవగానే మన హాస్టల్లో అందరూ అడిగేది ఒక్కటే: "అన్నా, దీనికి P వాడాలా, C వాడాలా?" మేమూ అలా అడిగినవాళ్లమే. సూత్రాలు రెండూ నోటికి వచ్చినా, "ఎన్నుకోవడం" అనే మాట కనబడగానే C వేసేసి, ఒక పరీక్షలో లెక్క మొత్తం పోగొట్టుకున్నాం. ఆ తప్పు ఎక్కడుందో చూద్దాం.

మన నాంపల్లికి దగ్గర్లోని లాల్ బహదూర్ స్టేడియంలో కబడ్డీ పోటీ ఉందనుకోండి. బరిలోకి దిగేది 7 మంది. మన దగ్గర ఆడగలవాళ్లు 9 మంది ఉన్నారు. నోటీసు బోర్డు మీద ఏడు పేర్లు రాయాలి. మొదటి పేరుకు 9 అవకాశాలు, రెండో దానికి 8, అలా ఏడో పేరుకు 3. గుణిస్తే 1,81,440 వస్తుంది. తొమ్మిది మందిలోంచి ఇన్ని జట్లా? కాదు. రాము పేరు పైన రాసినా, కింద రాసినా జట్టు అదే. ఒకే జట్టును 7! అంటే 5040 రకాలుగా రాసి, ప్రతిసారీ కొత్త జట్టుగా లెక్కపెట్టాం. అందుకే 5040తో భాగించాలి. వచ్చేది 36. ఇది సంయోగం, 9C7. ఇంకో దారి: ఆడని ఇద్దరిని ఎంచుకుంటే మిగిలినవాళ్లే జట్టు. 9C2 = (9 × 8)/2 = 36. చూశారా, ఇది సులువు!

ఇప్పుడు ఆ ఏడుగురిలో కెప్టెన్, వైస్ కెప్టెన్ కావాలి. రాము కెప్టెన్, సోము వైస్ కెప్టెన్ అని రాసి, తర్వాత పేర్లు తారుమారు చేస్తే నోటీసు అర్థమే మారిపోతుంది. సోమును అడగండి, ఒప్పుకుంటాడేమో! కనుక ఇక్కడ భాగించకూడదు. 7 × 6 = 42. ఇది ప్రస్తారం, 7P2. 7C2 వేస్తే 21 వస్తుంది, సరిగ్గా సగం. మేము మార్కులు పోగొట్టుకున్నది ఇక్కడే. 2003 ప్రపంచ కప్‌లో గంగూలీ కెప్టెన్, ద్రావిడ్ వైస్ కెప్టెన్. ఆ పదవులు మార్చుకుంటే 15 మంది జట్టు మారదు, నాయకత్వం మారుతుంది.

కాబట్టి ప్రశ్నలో "ఎన్నుకోవడం" ఉందా, "అమర్చడం" ఉందా అని వెతక్కండి. రెండు పేర్లు తారుమారు చేసి చూడండి. ఫలితం మారితే P, మారకపోతే C. "ఇద్దరు రైడర్లను ఎన్నుకోండి" అంటే ఇద్దరికీ ఒకే పని, అది C.

రెండూ కలిసిన లెక్క కూడా వస్తుంది: జట్టుతో పాటు పదవులు ఎన్ని విధాలు? 36 × 42 = 1512. అనుమానముంటే తిరగేసి చేయండి. ముందు తొమ్మిది మందిలో కెప్టెన్ 9, వైస్ కెప్టెన్ 8, తర్వాత మిగిలిన ఏడుగురిలో ఐదుగురు, 7C5 = 21. 9 × 8 × 21 కూడా 1512 వస్తుంది. రెండు దారుల్లో జవాబులు వేరుగా వస్తే, ఎక్కడో ఒక జట్టును రెండుసార్లు లెక్కపెట్టారో, పదవుల తేడా మరిచారో వెతకండి.