బోరు నీళ్ళలో క్లోరైడు ఎంత? – మోర్ పద్ధతి

హైదరాబాదు దక్షిణపు అంచున, రంగారెడ్డి జిల్లాలో బాలాపూర్ ఉంది. అక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. బోరు వేస్తే నీరు వచ్చేది ఆ రాతి పగుళ్ళలో నుంచే. ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. ఒక ఇంటి బోరుకు కొద్ది గజాల దూరంలో మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు ఉందనుకోండి. ఆ ట్యాంకు నీరు పగుళ్ళ గుండా బోరులోకి చేరుతోందా? చూస్తే నీళ్ళు తేటగానే ఉన్నాయి. మరి తెలుసుకోవడం ఎలా?

ఇందుకు ఒక మంచి ఆనవాలు క్లోరైడు. గ్రానైటులో క్లోరైడు చాలా తక్కువ. మనం మాత్రం రోజూ ఉప్పు తింటాం. అందులోని క్లోరైడు శరీరంలో మారిపోకుండా మూత్రంతో బయటికి పోతుంది. మట్టి దాన్ని పట్టి ఉంచలేదు, నీటితోపాటే సాగిపోతుంది. అందువల్ల పక్క బోర్ల కంటే ఒక బోరులో క్లోరైడు బాగా ఎక్కువగా ఉంటే అనుమానించవలసిందే.

క్లోరైడును కొలిచే సులువైన పద్ధతిని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫ్రీడ్రిష్ మోర్ 1856లో ప్రకటించాడు. కళాశాల ప్రయోగశాలల్లో కనిపించే ‘మోర్ లవణం’ కూడా ఆయన పేరుమీదిదే.

రెండు అవక్షేపాల పందెం

క్లోరైడు ఉన్న నీటిలో సిల్వర్ నైట్రేటు ద్రావణం పోస్తే సిల్వర్ క్లోరైడు తెల్లని అవక్షేపంగా ఏర్పడుతుంది.

Ag⁺ + Cl⁻ → AgCl

క్లోరైడు మొత్తం అయిపోయిన క్షణం మనకు తెలియాలి. తెల్లని అవక్షేపాన్ని చూస్తూ కూర్చుంటే అది తెలియదు. అందుకే మోర్ ముందుగా కొంచెం పొటాషియం క్రోమేటు కలిపాడు. ఇది పసుపుపచ్చని సూచిక. క్రోమేటు కూడా వెండితో కలిసి ఇటుక ఎరుపు అవక్షేపాన్ని ఇస్తుంది.

2Ag⁺ + CrO₄²⁻ → Ag₂CrO₄

అయితే ఎరుపు మొదటే ఎందుకు రాదు? సిల్వర్ క్రోమేటు ఏర్పడాలంటే నీటిలో స్వేచ్ఛగా తిరిగే వెండి అయానులు కొంత ఎక్కువ సంఖ్యలో ఉండాలి. క్లోరైడు ఉన్నంతసేపూ అది వచ్చిన వెండినల్లా పట్టేస్తుంది. ఒక్కోచోట ఎర్రని మరక కనిపించినా, కుప్పెను తిప్పగానే మాయమవుతుంది. క్లోరైడు అయిపోయాక వెండికి అడ్డు ఉండదు. అప్పుడు ఎరుపు నిలుస్తుంది. అదే మన అంతిమ బిందువు.

ప్రయోగం చేసే తీరు

2.395 గ్రాముల సిల్వర్ నైట్రేటును స్వేదన జలంలో కరిగించి ఒక లీటరు చేస్తారు. ఈ బలం లెక్కకు అనువుగా ఎంచుకున్నది. దీనిలో 1 మి.లీ. సరిగ్గా 0.5 మి.గ్రా. క్లోరైడుకు సరిపోతుంది. వెలుతురుకు చెడిపోతుంది కనుక గోధుమరంగు సీసాలో ఉంచుతారు.

బోరును కొన్ని నిమిషాలు నడవనిచ్చి, ఆ నీటితోనే సీసాను కడిగి నమూనా పట్టాలి. 100 మి.లీ. నమూనాను పిపెట్‌తో కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, 5 శాతం పొటాషియం క్రోమేటు 1 మి.లీ. కలపాలి. బ్యూరెట్ నుంచి సిల్వర్ నైట్రేటును వదులుతూ ఫ్లాస్కును ఆగకుండా తిప్పాలి. చివర్లో ఒక్కొక్క చుక్కే. కింద తెల్ల కాగితం పెడితే రంగు బాగా తెలుస్తుంది. పసుపు రంగు లేత గులాబీ పసుపుగా మారి, తిప్పినా పోకుండా నిలిచిన మొదటి చుక్క దగ్గర ఆపాలి. ముదురు ఎరుపు వచ్చేదాకా ఆగితే హద్దు దాటినట్టే. నీరు వేడిగా ఉండకూడదు. వేడి నీటిలో సిల్వర్ క్రోమేటు ఎక్కువ కరిగి, రంగు ఆలస్యంగా వస్తుంది.

పి.హెచ్. హద్దులు

ఈ అంశమాపనానికి నీటి పి.హెచ్. 7 నుంచి 10 మధ్య ఉండాలి. ఎందుకో చూద్దాం.

నీటిలో ఆమ్లం ఉంటే క్రోమేటులో చాలాభాగం డైక్రోమేటుగా మారిపోతుంది. సూచిక కలపగానే పసుపుకు బదులు నారింజ రంగు కనిపిస్తే అది ఆమ్లం గుర్తు. క్రోమేటు తగ్గితే ఎరుపు రావడానికి ఎక్కువ వెండి కావాలి. జవాబు అసలు కంటే పెద్దదిగా వస్తుంది.

క్షారం మితిమీరితే మరో చిక్కు. వెండి హైడ్రాక్సైడుతో కలిసి గోధుమరంగు సిల్వర్ ఆక్సైడుగా అడుగున పడుతుంది. అలా వృథా అయిన వెండి కూడా క్లోరైడు లెక్కలోకే చేరుతుంది. ఇక్కడా జవాబు పెరుగుతుంది.

ఆమ్లం ఉంటే చిటికెడు సోడియం బైకార్బొనేటు, క్షారం ఉంటే సజల నత్రికామ్లం వేసి సరిచేయవచ్చు. హైడ్రోక్లోరికామ్లం మాత్రం వేయకూడదు. కారణం మీరే చెప్పగలరు!

బ్లాంక్ ఎందుకు?

క్లోరైడు అయిపోయిన తర్వాత కంటికి కనిపించేంత ఎరుపు రావడానికి మరికొంచెం సిల్వర్ నైట్రేటు ఖర్చవుతుంది. అది క్లోరైడు పద్దు కాదు, సూచిక పద్దు. దాన్ని తీసివేయాలి. అందుకు 100 మి.లీ. స్వేదన జలంలో అంతే సూచిక వేసి, అదే రంగు వచ్చేవరకు సిల్వర్ నైట్రేటు పోస్తారు. ఇదే బ్లాంక్. సాధారణంగా 0.2 – 0.3 మి.లీ. అవుతుంది. స్వేదన జలంలో తెల్లని అవక్షేపం ఉండదు కనుక రంగులు పోల్చడం కష్టం. క్లోరైడు లేని సుద్దపొడి, అంటే శుద్ధ కాల్షియం కార్బొనేటు, చిటికెడు వేస్తే రెండు ఫ్లాస్కులూ ఒకే తీరుగా కనిపిస్తాయి.

ఒక లెక్క

లెక్క కోసం అనుకున్న అంకెలు ఇవి. సెప్టిక్ ట్యాంకు దగ్గరి బోరు నీటికి బ్యూరెట్ రీడింగు 36.3 మి.లీ.; బ్లాంక్ 0.3 మి.లీ.

క్లోరైడుకు ఖర్చయినది 36.3 – 0.3 = 36.0 మి.లీ.
100 మి.లీ. నీటిలో క్లోరైడు 36.0 × 0.5 = 18 మి.గ్రా.
లీటరుకు 180 మి.గ్రా.

దూరంగా ఉన్న మరో బోరుకు రీడింగు 8.3 మి.లీ. అనుకుందాం. బ్లాంక్ తీసివేస్తే 8.0, లీటరుకు 40 మి.గ్రా.

ఇప్పుడు వాననీరు. రీడింగు 0.9 మి.లీ. బ్లాంక్ తీసివేస్తే 0.6, లీటరుకు 3 మి.గ్రా. బ్లాంక్ మరచిపోతే 4.5 మి.గ్రా. వస్తుంది, అంటే ఒకటిన్నర రెట్లు! అదే మరపు మొదటి బోరు విషయంలో 180ని 181.5 మాత్రమే చేస్తుంది. క్లోరైడు తక్కువైన కొద్దీ బ్లాంక్ విలువ పెరుగుతుంది.

జవాబు ఏం చెబుతుంది?

తాగే నీటికి భారత ప్రమాణం లీటరుకు 250 మి.గ్రా. క్లోరైడును అంగీకరిస్తుంది, వేరే నీటి వసతి లేనిచోట 1000 వరకు అనుమతిస్తుంది. మన రెండు బోర్లూ ఈ పరీక్షలో గట్టెక్కినట్టే. అయినా 180కీ 40కీ ఉన్న తేడాను కొట్టిపారేయరాదు. హద్దులోపల ఉండటం వేరు, కలుషితం కాకపోవడం వేరు. క్లోరైడు రోగం తెచ్చేది కాదు; రోగం తెచ్చేవి దానితోపాటు వచ్చే సూక్ష్మజీవులు. కనుక అలాంటి బోరు నీటికి నైట్రేటు పరీక్ష, కోలిఫాం బాక్టీరియా పరీక్ష చేయించాలి. ఆ ఫలితాలు వచ్చేవరకు నీటిని మరిగించి తాగాలి.

మురుగు నీటి విషయంలో ఇంకో జాగ్రత్త. సిల్వర్ నైట్రేటు పడగానే నలుపు కనిపిస్తే నీటిలో సల్ఫైడు ఉన్నట్టు. దాన్ని ముందుగా హైడ్రోజన్ పెరాక్సైడుతో తొలగించాలి. లేకపోతే అదీ వెండిని తినేస్తుంది.

హెచ్చరిక: క్రోమేటు విషం, కాన్సరు కారకం కూడా. ఈ ప్రయోగాన్ని ఉపాధ్యాయుల సమక్షంలోనే చేయాలి. పిపెట్‌ను నోటితో పీల్చకూడదు, రబ్బరు బల్బు వాడాలి. మిగిలిన ద్రావణాలను సింకులో పోయకుండా వేరే సీసాలో చేర్చాలి. సిల్వర్ నైట్రేటు చర్మంమీద పడితే కొన్ని రోజులదాకా పోని నల్లమచ్చ మిగులుతుంది.

మీకొక ప్రశ్న: 50 మి.లీ. బోరు నీటికి 50 మి.లీ. స్వేదన జలం కలిపి పరీక్షిస్తే రీడింగు 12.3 మి.లీ., బ్లాంక్ 0.3 మి.లీ. వచ్చాయి. అసలు బోరు నీటిలో లీటరుకు క్లోరైడు ఎంత? (జవాబు: 120 మి.గ్రా.)