పవిత్ర శుక్రవార ఉపవాసం - చక్కెర వ్యాధిగ్రస్తుల మాత్ర



తపస్సు కాలంలో చక్కెర వ్యాధి ఉన్నవారికి ఎక్కువ కీడు చేసేది ఆకలి కాదు. అలవాటుగా వేసుకునే మాత్ర వేసుకుని, తినవలసినది తినకపోవడం.

ముందుగా శ్రీసభ ఏమి అడుగుతున్నదో చూద్దాం. ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారికి మొదలై, 59 ఏళ్లు నిండగానే ముగుస్తుంది. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం దాని దినాలు. 1966లో ఆరవ పౌలు పాపుగారు ఇచ్చిన శాసనం ప్రకారం ఆ రోజున ఒక్క పూర్తి భోజనం చేయవచ్చు; ఉదయం, సాయంత్రం కొద్దిగా తినడాన్ని ఆ నియమం నిషేధించలేదు. అంటే ఖాళీ కడుపుతో ఉండడం మన ఊళ్ల ఆచారమే గాని శ్రీసభ విధించినది కాదు. ఆరోగ్యం సహించనివారికి ఆ కొద్దిపాటి బాధ్యత కూడా లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 52 ఏళ్ల తల్లి ఒకామె ఉదయం గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. కలిసిన మాత్ర, రాత్రి మెట్‌ఫార్మిన్ 500 వేసుకుంటుంది. పవిత్ర శుక్రవారం నాడు ఆమె ఎప్పటిలా ఆరు గంటలకు మాత్ర వేసుకుని, టిఫిను మానేసి, పది గంటలకు ఎండలో సిలువ మార్గానికి నడిచింది. పదకొండున్నరకు చెమటలు, వణుకు, మాట తడబాటు. పరీక్షిస్తే రక్తంలో చక్కెర 58 ఉంది.

ఎందుకిలా జరిగింది? గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. కనుక తపస్సు కాలానికి ముందే డాక్టరుగారి వద్దకు మాత్రల అట్టలు తీసుకువెళ్లి, వీటిలో చక్కెరను మరీ తగ్గించేవి ఏవో అడగండి.

అదే తల్లికి ఆ రోజును ఇలా సర్దవచ్చు. ఉదయం రెండు ఇడ్లీలు, మెట్‌ఫార్మిన్. మధ్యాహ్నం పన్నెండున్నరకు మాంసం లేని పూర్తి భోజనం, దానికి ముందు డాక్టరు తగ్గించి రాసిన గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. సాయంత్రం ఆరాధన ముగిశాక రెండు పుల్కాలు, మెట్‌ఫార్మిన్. పదకొండుకు, మూడుకు, పడుకోబోయే ముందు పరీక్ష. జంట మాత్రలో ఒక్క మందును తగ్గించలేము గనుక ఆ రోజుకు విడివిడి మాత్రలు రాయించుకోవాలి. మనంతట మనమే విరవరాదు. మరునాటి మాత్ర ఎప్పుడో కూడా అడిగి తెలుసుకోవాలి.

చక్కెర 70 కంటే తగ్గితే ఆ క్షణమే ఉపవాసం విరమించాలి. 70కి, 90కి మధ్య ఉంటే గంటలో మళ్లీ పరీక్షించాలి. 300 దాటినా విరమించి, నీరు తాగి, డాక్టరును సంప్రదించాలి. పరీక్ష యంత్రం దగ్గర లేకపోతే చెమట, వణుకు, తడబాటు చాలు, ఆగవద్దు. కొన్ని బి.పి. మాత్రలు వాడేవారికి వణుకు, గుండె దడ తెలియకపోవచ్చు, చెమటను గమనించాలి.

అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. తగ్గే ఉంటే మరల ఇవ్వాలి. కోలుకున్నాక ఇడ్లీ గాని అన్నం గాని తప్పక పెట్టాలి, ఎందుకంటే ఆ మాత్ర గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. చక్కెర మళ్లీ పడిపోవచ్చు. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక, పక్కకు తిప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

టైప్ 1 చక్కెర వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవారు, మూడు నెలల లోపల చక్కెర పడిపోయి ఆసుపత్రి పాలైనవారు ఉపవాసం జోలికే పోరాదు. ఇన్సులిన్ వాడేవారు మోతాదు గురించి డాక్టరును అడగకుండా ఉపవసించరాదు, ఇన్సులిన్‌ను తామే మానేయనూ రాదు.

కొందరు చక్కెర నీళ్లు తాగితే సత్ప్రసాదం తీసుకోకూడదేమోనని వణుకుతూనే కూర్చుంటారు. ఆ భయం అక్కరలేదు. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినరాదన్న నియమాన్ని మంచినీరు, మందు భంగపరచవు. వ్యాధిగ్రస్తులు, వృద్ధులు, వారిని చూసుకునేవారు ఆ గంటలో ఏమైనా తిన్నా సత్ప్రసాదం స్వీకరించవచ్చునని శ్రీసభ చట్టం 919వ నిబంధన స్పష్టంగా చెబుతున్నది. సిలువ మార్గానికి బయలుదేరేటప్పుడు చక్కెర పొట్లం, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. పక్కన నడిచేవారికి మీ వ్యాధి సంగతి చెప్పి ఉంచండి.