పైసలు కట్ అయినయ్, ఫామ్ పోలే

మేడ్చల్‌లో ఒకరు, శామీర్‌పేటలో ఒకరు. డిగ్రీ నుంచి స్నేహితురాళ్లు. కథ కల్పితమే గానీ ఇలాంటివారు ప్రతి నోటిఫికేషన్‌కూ ఉంటారు. ఓ ఉద్యోగ పరీక్ష ఫామ్‌కు ఆఖరి రోజు, గడువు రాత్రి 11:59. పది దాటాక సర్వర్ మొరాయించింది.

"పైసలు కట్ అయినయే, ఫామ్ మాత్రం సబ్మిట్ కాలే. మళ్ల కట్టాల్నా?" అంది మేడ్చల్ అమ్మాయి ఫోన్‌లో.

"ఆగు, ముందుగాల పేమెంట్ స్టేటస్ చూడు. నాకైతే లాగినే అయితలే."

మేడ్చల్ అమ్మాయి యూపీఐ లావాదేవీ నంబరు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, గడువులోపే హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ చేసింది. శామీర్‌పేట అమ్మాయి పన్నెండు దాకా రిఫ్రెష్ కొడుతూనే ఉంది. పొద్దునకు ఇద్దరి ఫామూ లేదు, కానీ ఇద్దరి కేసూ ఒకటి కాదు.

ఐటీ చట్టం 2000, సెక్షన్ 13 ప్రకారం, స్వీకరించేందుకు నిర్దేశించిన కంప్యూటర్‌లోకి చేరినప్పుడే ఎలక్ట్రానిక్ పత్రం అందినట్టు. ప్రయత్నించామంటే చాలదు. పైగా 'ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు' అని నోటిఫికేషన్‌లో రాసే ఉంటుంది. బోర్డు కోర్టులో చూపేది ఆ వాక్యమే. దానికి జవాబు టైముతో కూడిన ఆధారం. అది మేడ్చల్ అమ్మాయి దగ్గరే ఉంది. 2024లో ఐఐటీ ధన్‌బాద్ సీటుకు రూ.17,500 గడువులోగా కట్టలేకపోయిన అతుల్ కుమార్‌కు సుప్రీంకోర్టు సీటు ఇప్పించింది. గడువుకు ముందే అతను లాగిన్ అయినట్టు రికార్డు ఉండటం అక్కడ కలిసొచ్చింది. అయితే అది 142వ అధికరణ కింద ఇచ్చిన ఆదేశం. ఆ అధికారం సుప్రీంకోర్టుది మాత్రమే, కాబట్టి దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

మర్నాడే బోర్డుకు వినతిపత్రం ఇవ్వాలి. అందులో 'ఆ రాత్రి సర్వర్ లాగ్‌లు చెరపకుండా ఉంచండి' అన్న వాక్యం తప్పక రాయాలి. జవాబు రాకుంటే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసి, పరీక్షకు తాత్కాలికంగా అనుమతించమని అడగవచ్చు. పరీక్ష అయిపోయాక వెళితే ఫలితం దాదాపు ఉండదు. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికే 30 రోజుల గడువుంది, కాబట్టి దాని కోసం ఆగొద్దు. వినియోగదారుల కమిషన్ జోలికీ పోవద్దు: పరీక్షల బోర్డు పరీక్ష నిర్వహించడం 'సేవ' కాదని బిహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కట్ అయిన డబ్బు వేరే సంగతి. బోర్డుకు చెల్లింపు ఖరారు కాకపోతే, 2019 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం అయిదు రోజుల్లో అదే వెనక్కి రావాలి. ఆపైన రోజుకు రూ.100 పరిహారం.

లాయరు ఫీజుకు భయపడి ఆగకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. 15100కు ఫోన్ చేయండి.