దాణా బిల్లులో ధర తేడా: ఏ ఖాతాలో వ్రాయాలి?

దాణా నిల్వకు సంవత్సరారంభంలో బస్తాకు ఒక ధర నిర్ణయించి, ఏడాది పొడవునా అదే ధరపై లెక్క వ్రాసే పద్ధతిని ప్రామాణిక వ్యయ పద్ధతి అంటారు. ఆర్డరులో ఒక ధర, బిల్లులో మరొక ధర ఉన్నప్పుడు ఈ పద్ధతిలో లెక్క ఎట్లా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

జీడిమెట్ల వైపు సంఘం ఒకటి 100 బస్తాల దాణా కొన్నదనుకొందాం. ప్రామాణిక ధర బస్తాకు రూ.1,200, ఆర్డరు ధర రూ.1,230, తరువాత వచ్చిన బిల్లులో ధర రూ.1,250.

సరుకు దిగిన రోజున నిల్వ ఖాతాకు ప్రామాణిక ధరపై రూ.1,20,000 డెబిట్ వ్రాయవలెను. బిల్లు ఇంకా రాలేదు గనుక ఆర్డరు ధరపై రూ.1,23,000 ‘సరుకు చేరి బిల్లు రావలసిన ఖాతా’కు క్రెడిట్ చేయవలెను. మిగిలిన రూ.3,000 ధర తేడా ఖాతాకు డెబిట్ అవుతుంది.

బిల్లు రాగానే ఆ మధ్య ఖాతాకు రూ.1,23,000 డెబిట్ వ్రాసి సున్నా చేయవలెను. సరఫరాదారుకు రూ.1,25,000 క్రెడిట్. ఈ రెండింటి నడుమ రూ.2,000 కూడా ధర తేడా ఖాతాకే పోతుంది, నిల్వకు కాదు. సగటు ధర పద్ధతిలో అయితే, సరుకు ఇంకా గోదాములో ఉన్నంత మేరకు ఈ తేడా నిల్వ విలువలో కలిసేది.

రెండు తేడాలను విడివిడిగా చూపడం మంచిది. రూ.3,000కు కారణం ఆర్డరు ఇచ్చినవారు చెప్పాలి. రూ.2,000కు సరఫరాదారు చెప్పాలి. ఖాతాలో వ్రాసినంత మాత్రాన ఆ సొమ్ము చెల్లించదగినదని అర్థం కాదు. బిల్లు తప్పయితే తగ్గింపు నోటు తెప్పించి ఆ పద్దు తిరగవ్రాయవలెను.

మధ్య ఖాతాలో నిలువ మిగిలితే అది సాధారణంగా ధర తేడా కాదు; బస్తాల లెక్క కుదరలేదన్నమాట. బిల్లు 100కు వచ్చి 98 బస్తాలే దిగితే, ఆ రెండు బస్తాల సొమ్మును ధర తేడాలో కలిపితే తరుగు మరుగున పడుతుంది.

ఇక సభ్యులకు సంబంధించిన సంగతి. సంఘం బస్తా రూ.1,225కు అమ్మి, సంవత్సరాంతానికి 80 బస్తాలు ఖర్చు చేసిందనుకొందాం. నిల్వ ఖాతా ప్రకారం బస్తాకు రూ.25 చొప్పున రూ.2,000 లాభం కనిపిస్తుంది. కాని మొత్తం తేడా రూ.5,000లో 80 బస్తాల వాటా రూ.4,000ను అమ్మిన సరుకు ఖర్చులో చేర్చవలెను. అప్పుడు రూ.2,000 నష్టమని తేలుతుంది. మిగిలిన రూ.1,000 గోదాములోని 20 బస్తాల విలువకు చేరుతుంది. ప్రామాణిక ధర అసలు ధరకు దగ్గరగా ఉంటేనే దానిని నిల్వ విలువగా ఆస్తి అప్పుల పట్టీలో ఉంచవచ్చు.

అందుచేత సర్వసభ్య సమావేశంలో దాణా లాభం చదివినప్పుడు, ధర తేడా ఖాతా నిలువ ఎంత, అది ఎక్కడికి మళ్లింది అని కార్యదర్శిని అడగండి. ఆ ఖాతాను చిల్లర ఖర్చులలో కలిపితే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.