వరద కబురు ఎవరికి, ఎప్పుడు, ఏ దారిలో? పులిచింతల దిగువకు ఒక సమాచార ప్రణాళిక

ప్రశ్న ఎలా వస్తుంది

విపత్తు నిర్వహణ పేపరులోనైనా, ప్రాజెక్టు నిర్వహణ పేపరులోనైనా సమాచార ప్రణాళిక రాయమంటే చాలామంది "అందరికీ సకాలంలో సమాచారం అందించాలి" అని రాసి ఊరుకుంటారు. దానికి మార్కులు పడవు. ఎవరికి, ఏ సమాచారం, ఎంత తరచుగా, ఏ మార్గంలో అన్న నాలుగు గడులూ నిండాలి. పల్నాడు అభ్యర్థికి కళ్లెదుటి ఉదాహరణ కృష్ణా వరద. పైన మాచర్ల వైపు నాగార్జునసాగర్, కింద బెల్లంకొండ మండలంలో పులిచింతల, ఆ దిగువన అచ్చంపేట, అమరావతి మండలాలు.

ఎంత తరచుగా: లెక్క కట్టి చెప్పాలి

రోజుకోసారి అనో గంటకోసారి అనో అలవాటుగా రాసేయకూడదు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. పులిచింతల పూర్తి సామర్థ్యం 45.77 టీఎంసీలు. ఇంకా 10 టీఎంసీల ఖాళీ ఉందనుకుందాం. పైనుంచి లక్ష క్యూసెక్కులు వస్తూ, కిందికి ఏమీ వదలకపోతే, రోజుకు 8.64 టీఎంసీలు చేరతాయి. జలాశయం నిండడానికి 28 గంటలు పడుతుంది. అదే 5 లక్షలు వస్తే ఐదున్నర గంటల్లో నిండిపోతుంది.

మొదటి సందర్భంలో ఆరు గంటలకోసారి కబురు చాలు. రెండో సందర్భంలో అలా పంపితే రెండో కబురు చేరేసరికే జలాశయం నిండి ఉంటుంది. కాబట్టి అక్కడ గంటకోసారి పంపాలి. ఒకే ప్రణాళికలో రెండు వేగాలు ఉండాలనీ, ఏ ప్రవాహం దగ్గర ఒకదాన్నుంచి మరొకదానికి మారాలో ముందే రాసిపెట్టాలనీ చెప్పిన జవాబుకే విలువ.

నమూనా

ఇది ప్రభుత్వ ఉత్తర్వు కాదు, జవాబు పత్రంలో రాయదగ్గ నమూనా మాత్రమే.

| ఎవరికి | ఏమిటి | ఎప్పుడు | మార్గం |
|---|---|---|---|
| కలెక్టరేట్ కంట్రోల్ రూమ్, నరసరావుపేట | ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, నీటిమట్టం | 6 గంటలకోసారి; వరద ఉధృతిలో గంటకోసారి | ఫోన్, వైర్‌లెస్ |
| ఆర్డీవో, తహసీల్దార్లు | ఎంత వదులుతారు, ఏ ఊళ్లకు ముప్పు | గేట్లు ఎత్తే ముందు. ఔట్‌ఫ్లో మారే ప్రతిసారీ | ఫోన్, వాట్సాప్ |
| నది ఒడ్డు ఊళ్లు | ఏటిలోకి దిగొద్దు, ఎక్కడికి పోవాలి | గేట్లు ఎత్తే ముందు. పరిస్థితి మారినప్పుడు | మైకు, చాటింపు, సెల్ హెచ్చరిక |
| రేవు పడవలవాళ్లు, జాలర్లు, కాపరులు | పడవ ఆపండి, గొర్రెలను గట్టెక్కించండి | అందరికన్నా ముందు | మనిషే వెళ్లి చెప్పాలి |

చివరి వరుసనే చాలామంది మరిచిపోతారు. మాదిపాడు లాంటి రేవులో పడవ నడిపేవాడు వాట్సాప్ చూసుకుంటూ కూర్చోడు. పైగా అతనికి 'క్యూసెక్కు' అంటే పని జరగదు, "నీళ్లు మెట్లదాకా వస్తాయి" అనాలి. ఒకే విషయాన్ని ఇంజనీరుకు అంకెల్లో, ఊరికి పనుల్లో చెప్పడం రెండో గడిలో కనిపించాలి.

2021 ఆగస్టు 5 నేర్పింది

ఆ తెల్లవారుజామున పులిచింతల 16వ నంబరు గేటు ఊడి కొట్టుకుపోయింది. అక్కడ స్టాప్‌లాగ్ దించాలంటే జలాశయంలో నీరు తగ్గాలి, అందుకు మిగతా గేట్లు ఎత్తి కిందికి వదలాలి. దిగువ ఊళ్లను అప్రమత్తం చేయాల్సి వచ్చింది. పైనుంచి వచ్చే ప్రవాహం ఫలానా అంకె దాటితేనే హెచ్చరిక అని రాసుకున్న ప్రణాళిక ఇలాంటి రోజున మాట్లాడదు. ప్రవాహపు అంకెతో పాటు 'కట్టడానికి ఏదైనా జరిగితే వెంటనే' అన్న వరుస కూడా వేయాలి. అర్ధరాత్రి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఆయన ఎత్తకపోతే తర్వాత ఎవరికో అందులోనే ఉండాలి.

తప్పులు దొర్లే చోట్లు

ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఈ అంకెలను అచ్చంపేటకు ఎత్తి రాయొద్దు. అవి బ్యారేజీ కోసం పెట్టినవి. ఎగువ ఊరికి ఏ ప్రవాహం దగ్గర నీళ్లు చేరతాయో అక్కడి గట్టు ఎత్తును బట్టి ఉంటుంది.

కబురు పంపడం వేరు, అందడం వేరు. తహసీల్దారు "అందింది" అని బదులివ్వాలి, వీఆర్వో "చాటింపు వేయించాను" అని సమయంతో చెప్పాలి. పావుగంటలో జవాబు రాకపోతే మరో మార్గం పట్టాలి. అలాగే వరద తగ్గాక హెచ్చరిక ఎత్తేసే కబురు కూడా అదే దారిలో వెళ్లాలి. లేకపోతే జనం తమకు తోచినప్పుడు ఏటిలోకి దిగుతారు.

చిన్న లెక్క

n మంది ఉంటే సమాచార మార్గాలు n(n-1)/2. 10 మందికి 45, మరో ఇద్దరు చేరితే 66. అంటే ఇద్దరి కోసం 21 కొత్త దారులు. అందుకే నమూనాలో ఊళ్లన్నీ కంట్రోల్ రూమ్‌కు నేరుగా కాకుండా తహసీల్దారు ద్వారా కలుస్తాయి. గేటు విరిగిన రోజున మాత్రం ఆ మెట్లు దాటి నేరుగా ఊరికే ఫోన్ వెళ్లాలని పక్కన రాయాలి.