గోరింటాకు, జుట్టు రంగు మరకలు: రంగు నిలిచేదెక్కడ?

అద్దె ఇల్లు ఖాళీ చేసే నాడు యజమాని ముందుగా పరిశీలించే గదులలో స్నానాలగది ఒకటి. వాష్‌బేసిన్ మీద నల్లని చార, పక్కనున్న గట్టు మీద ఎర్రని మచ్చ, గోడ మీద గోధుమరంగు చుక్కలు కనబడితే ముందుగా కట్టిన డిపాజిట్టులో కోత పడవచ్చు. ఈ మూడింటినీ ఒకే మందుతో రుద్దడం వల్లనే తరచు నష్టం పెరుగుతుంది. మరక ఒకటే అయినా, అది పడిన తలం వేరు.

గోరింటాకులోని రంగు పదార్థం పేరు లాసోన్. ఇది చర్మంలోను, వెండ్రుకలలోను ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌తో రసాయనికంగా బంధం ఏర్పరచుకుంటుంది. అందుకే చేతులు అంతగా పండుతాయి. పింగాణీలో ప్రోటీన్ లేదు గనుక అక్కడ అది కేవలం పైన అంటుకొని ఉంటుంది. జుట్టుకు వేసే రంగు తీరు వేరు. అందులోని పారా ఫెనిలీన్ డయమీన్ వంటి చిన్న అణువులకు మొదట రంగు దాదాపు ఉండదు. కలిపే రెండవ సీసాలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల అవి ఆక్సీకరణం చెంది, ఒకదానితో నొకటి కలిసి, పెద్ద రంగు అణువులుగా మారుతాయి. “నల్ల గోరింటాకు” పేరుతో అమ్మే పొడులలో చాలావాటిలో ఈ రసాయనమే ఉంటుంది.

కాబట్టి జుట్టు రంగు ఒలికిన తొలి నిమిషాలు విలువైనవి. తడి కాగితంతో అద్ది తీసి, సబ్బునీటితో కడిగితే రంగు పూర్తిగా తేలకముందే చాలా భాగం పోతుంది. తాజా మరక మీద పెరాక్సైడ్ పోయరాదు. రంగును తేల్చే పదార్థాన్నే మళ్ళీ అందించినట్లవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. శనివారం రాత్రి ఒక గృహిణి తలకు రంగు వేసుకున్నారు. మరునాడు ఉదయం పింగాణీ బేసిన్, లామినేట్ గట్టు, రంగు వేసిన గోడ – మూడింటి మీదా ఎండిన మరకలు కనిపించాయి.

పింగాణీ పైపూత ఒక విధమైన గాజు. రంగు లోనికి దిగదు. వంటసోడాలో కొద్దిగా నీరు కలిపి ముద్దచేసి మెత్తని స్పాంజితో రుద్దితే చాలావరకు వదులుతుంది. గోరింటాకుకు ఇది మరింత మేలు. క్షారంలో లాసోన్ నీటిలో బాగా కరుగుతుంది. మిగిలిన చారకు ఒక వంతు బ్లీచ్‌ను పది వంతుల నీటిలో కలిపి, ఐదు నిమిషాలు ఉంచి కడగవచ్చు. అయితే అంతకుముందు బేసిన్‌ను నీటితో పూర్తిగా కడిగి, కిటికీ తెరవాలి. జుట్టు రంగులలో తరచు అమ్మోనియా ఉంటుంది. అది బ్లీచ్‌తో కలిస్తే క్లోరమీన్ వాయువులు, వెనిగర్ లేదా నిమ్మరసం కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడతాయి. రెండూ ఊపిరితిత్తులకు హానికరం. రబ్బింగ్ ఆల్కహాల్‌ను కూడా బ్లీచ్‌తో కలపరాదు.

గట్టు మీద 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌తో తడిపిన తెల్లని దూదిని ఐదు నిమిషాలు ఉంచి తుడవాలి. దూదికి రంగు అంటుతున్నంతసేపు మరక వదులుతున్నట్లే. కొత్త దూదితో కొనసాగించవచ్చు. దూది తెల్లగానే ఉండి మచ్చ అలాగే ఉంటే, రంగు లోనికి దిగిందని గ్రహించాలి. ఇక గట్టిగా రుద్దితే లామినేట్ మెరుపు పోతుందే తప్ప మచ్చ పోదు. గట్టు చలువరాయిదైతే నిమ్మరసం, వెనిగర్ వాడనే రాదు. ఆమ్లం రాతిని కరిగించి తెల్లని గుంటలు చేస్తుంది. నిమ్మరసం కలిపిన గోరింటాకు ముద్ద ఒలికినా ఈ ప్రమాదమే.

అన్నిటికన్నా కష్టమైనది గోడ. నీటితో కలిపి వేసే లేటెక్స్ రంగు పొరలో సూక్ష్మరంధ్రాలుంటాయి. మెరుపు లేని రంగులో మరీ ఎక్కువ. ముందు సబ్బునీటి స్పాంజితో సున్నితంగా అద్దాలి. ఆల్కహాల్ ఈ రంగును కూడా మెత్తబరుస్తుంది గనుక తలుపు వెనుక కనబడనిచోట పరీక్షించి చూడాలి. దూదికి గోడరంగు అంటితే అక్కడితో ఆపాలి. మిగిలిన మచ్చ మీద నేరుగా కొత్త రంగు వేస్తే, అందులోని నీటిలో మరక కరిగి, కొన్నాళ్ళకే పైకి తేలవచ్చు. ముందుగా లక్కతో తయారైన ప్రైమర్ ఒక పూత వేసి, ఆరనిచ్చి, ఆపైన యజమాని వాడిన రంగే వేయాలి. లక్క నీటిలో కరగదు. కనుక మరకను అడుగునే బంధించి ఉంచుతుంది.